ఉన్నది ఉన్నట్టు ఎత్తిరాయడం: స్క్రీన్‌షాట్‌లోని పోస్టులో హ్యాష్‌ట్యాగు, మెన్షను, లింకు

తిరుపతిలో డీటీపీ సెంటరు నడుపుతున్న నా దగ్గరికి అర్జీలు, అఫిడవిట్లు, పెళ్లిపత్రికలు ఎప్పటినుంచో వస్తున్నాయి. ఈ మధ్య వాటితోపాటు ఇంకో రకం పని కూడా వస్తోంది. ఫోను తెర మీద ఒక స్క్రీన్‌షాట్ చూపించి, అందులోని పోస్టును ఉన్నది ఉన్నట్టు టైపు చేసి కాగితం మీద ఇమ్మంటారు. తిరుమలలో గది ఇప్పిస్తామన్న పోస్టును నమ్మి అడ్వాన్సు కట్టి మోసపోయిన యాత్రికులే ఇందుకు ఎక్కువగా వస్తారు. వాళ్లు మా దగ్గరికి వచ్చేసరికి ఆ పోస్టును పెట్టినవాళ్లు తీసేసి ఉంటారు, మిగిలేది ఈ బొమ్మ ఒక్కటే. బొమ్మలోని అక్షరాలను వెతకలేం, కాపీ చేయలేం, ఫిర్యాదు ఫారంలో అతికించలేం కాబట్టి ఎవరో ఒకరు వాటిని చూసి ఎత్తిరాయాలి.

మామూలు తెలుగు ఉత్తరాన్ని ఎత్తిరాసేటప్పుడు ఒక అక్షరం తేడా వచ్చినా అర్థం చెడదు, చదివేవాళ్లు సర్దుకుంటారు. హ్యాష్‌ట్యాగు, మెన్షను, లింకు అలాంటివి కావు. అవి చూడడానికి మాటల్లా ఉన్నా చేసే పని చిరునామా పని. `@` తర్వాత ఒక అక్షరం మారితే అది ఇంకొకరి ఖాతా అవుతుంది. మోసంతో ఏ సంబంధమూ లేని మనిషి పేరు ఫిర్యాదులోకి ఎక్కే ప్రమాదం అక్కడుంది. అందువల్ల ఈ పనిలో నేను పాటించే నియమం ఒక్కటే: కంటికి కనిపించింది రాయాలి, మనకు తెలిసింది రాయకూడదు. చెప్పడానికి సులువుగానే ఉంటుంది కానీ, చేసేటప్పుడు చెయ్యి మాట వినదు. ఎందుకు వినదో ఒక పోస్టును పట్టుకుని చూద్దాం.

పలమనేరు నుంచి వచ్చిన భార్యాభర్తలు తెచ్చిన స్క్రీన్‌షాట్ ఇది. ఖాతాల పేర్లూ లింకులోని చిరునామా మార్చాను కానీ, అందులోని చిక్కులన్నీ అలాగే ఉంచాను. లింకు చివర `.example` అనే తోక పెట్టడానికి కారణముంది. ఉదాహరణల కోసమే ఆ తోకను 1999లో పక్కన పెట్టారు కాబట్టి, దానితో ఎవరూ నిజమైన సైటు నమోదు చేయలేరు.

```
శ్రీవారి రూమ్స్ 🙏
@tpt_rms__0ffer · 3h
తిరుమల లో రూమ్స్ కావాలా ?? అడ్వాన్స్ 2,500/- మత్రమే.
#తిరుమల దర్శనం #ఆన్‌లైన్_రూమ్స్
#Tirumala_Rooms#Offer
@Yatra_Udaharanaని అడగండి
ttdevasthanarns.example/rooms/bk-aIl07…
```

రాయడం మొదలుపెట్టే ముందు బొమ్మ సంగతి చూడాలి. ఆ భర్త దాన్ని నాకు వాట్సాప్‌లో మామూలు ఫోటోలా పంపించారు. అలా పంపితే వాట్సాప్ ఫైలును కుదిస్తుంది. సన్నని అక్షరాల అంచులు అలుక్కుపోతాయి, సున్నా లోపలి ఖాళీ పూడినట్టవుతుంది, పక్కపక్కనున్న గీతలు కలిసిపోతాయి. అదే బొమ్మను డాక్యుమెంటుగా పంపమన్నాను. అలా పంపితే ఫోనులో ఉన్న ఫైలు ఉన్నట్టే వస్తుంది. రెండింటినీ నాలుగింతలు పెంచి పక్కపక్కన పెట్టి చూస్తే, మొదటిదాంట్లో ఖాతా పేరు మధ్యనున్న కింది గీత మసకగా ఉంది. రెండోదాంట్లో దాని పొడవు స్పష్టంగా కొలవగలిగేలా ఉంది. ఎత్తిరాతలో జరిగే తప్పుల్లో చాలావాటికి మూలం చదివేవారి కన్ను కాదు, కుదించిన బొమ్మే.

ఇక ఖాతా పేరు. పైన లావు అక్షరాల్లో ఉన్న `శ్రీవారి రూమ్స్ 🙏` కేవలం ప్రదర్శన పేరు. దాన్ని ఎవరైనా పెట్టుకోవచ్చు, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, ఒకే పేరుతో వందమంది ఉండవచ్చు. ఖాతాను గుర్తుపట్టించేది దాని కిందనున్న `@` పేరు. రెండూ రాయాలి, ఒకదాని బదులు ఇంకొకటి రాయకూడదు. ఎక్స్‌లో ఈ పేరు 15 అక్షరాలకు మించదు, ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోరు తప్ప ఇంకేమీ అందులో ఉండవు. ఇన్‌స్టాగ్రామ్‌లో 30 అక్షరాల దాకా ఉండవచ్చు, మధ్యలో చుక్క కూడా రావచ్చు. బొమ్మ ఏ యాప్‌ది అన్నది మొదట తేల్చుకుంటే, చూస్తున్నది చుక్కా లేక తెర మీది మరకా అన్న అనుమానానికి సగం జవాబు దొరికినట్టే.

ఈ పేరులో రెండు చిక్కులున్నాయి. `rms` తర్వాత అండర్‌స్కోర్లు రెండున్నాయి. చాలా ఫాంట్లలో పక్కపక్కన పడ్డ రెండు అండర్‌స్కోర్లు అతుక్కుని ఒకే పొడవైన గీతలా కనిపిస్తాయి. ఆ గీతను ఒక్కటిగా చూసి ఒక్కటే కొట్టేస్తాం. అదృష్టవశాత్తు ఇదే పేరులో `tpt` తర్వాత ఒంటరి అండర్‌స్కోరు ఒకటుంది. బొమ్మను పెంచి దాని పొడవు కొలిచి, రెండో గీతతో పోల్చాను. రెండో గీత సరిగ్గా రెట్టింపుంది. ఇక్కడ అక్షరాల లెక్క తోడ్పడదని కూడా చెప్పాలి. ఒక్క అండర్‌స్కోరైతే పేరు 13 అక్షరాలు, రెండైతే 14. రెండూ 15కి లోపే, కాబట్టి కొలతే దిక్కు.

రెండో చిక్కు `0ffer`లోని మొదటి గుర్తు. అది సున్నానా, పెద్ద ఓ అక్షరమా? అర్థం చూసుకుంటే ఓ అక్షరమే కావాలి, ఆఫర్ అన్న మాట మనకు తెలిసిందే. సరిగ్గా ఇక్కడే తెలిసినది రాయకూడదన్న నియమం పనికొస్తుంది. పోలిక కోసం బయటికి వెళ్లనవసరం లేదు. అదే బొమ్మలో `2,500` ఉంది, అందులో ఖాయంగా సున్నాలే ఉన్నాయి. `#Offer` కూడా ఉంది, అందులోని ఓ వెడల్పుగా, గుండ్రంగా ఉంది. ఖాతా పేరులోని గుర్తు సన్నగా, నిలువుగా సున్నాలను పోలి ఉంది. అందువల్ల సున్నా రాశాను. ఒక బొమ్మలోని అక్షరానికి అదే బొమ్మలోని ఇంకో అక్షరమే సరైన కొలబద్ద, ఎందుకంటే ఫాంటు, సైజు, మసక అన్నీ రెండింటికీ ఒకటే. అయితే వరుసలు వేర్వేరు సైజుల్లో ఉంటే ఎత్తును కాకుండా వెడల్పుకూ ఎత్తుకూ ఉన్న నిష్పత్తిని పోల్చాలి.

పేరు పక్కనున్న `3h` కూడా పోస్టులో కనిపించిన భాగమే. దాన్ని మూడు గంటల క్రితం అని మార్చడం గానీ, తెర పైనున్న గడియారంలోంచి మూడు గంటలు తీసేసి తేదీ వేయడం గానీ ఎత్తిరాత కాదు. ఆ లెక్క అవసరమైతే వేరే గమనికలో రాయవచ్చు.

వచనంలో `తిరుమల లో` అని విడిగా ఉంది, ప్రశ్నార్థకాలకు ముందు ఖాళీ ఉంది, `మత్రమే`లో దీర్ఘం లేదు. ఏళ్ల తరబడి ప్రూఫులు దిద్దిన చేతికి వీటిని అలాగే వదిలేయడం నిజంగా కష్టం. కానీ అదే మోసగాడు అదే తప్పుతో ఇంకో ఖాతా నుంచి రాసి ఉంటే, ఆ రెంటినీ కలిపే దారం ఈ తప్పే. మనం దిద్దితే దారం తెగుతుంది. చదివేవాళ్లు అది టైపిస్టు తప్పనుకోకుండా, మూలంలో ఇలాగే ఉందని కింద గమనికలో ఒక మాట చేరిస్తే చాలు.

హ్యాష్‌ట్యాగుల దగ్గర తెలుగుకే ప్రత్యేకమైన చిక్కులు మొదలవుతాయి. `#తిరుమల దర్శనం` అన్నదాంట్లో హ్యాష్‌ట్యాగు ఎంతవరకు? ఖాళీ రాగానే ట్యాగు ముగుస్తుంది కాబట్టి `#తిరుమల` ఒక్కటే ట్యాగు, దర్శనం మామూలు మాట. బొమ్మలో దానికి రంగే సాక్ష్యం: `#తిరుమల` నీలంగా, దర్శనం నల్లగా ఉన్నాయి. రాసినవాడి ఉద్దేశం రెండూ కలిపి ఒకే ట్యాగు అని మనకు తోచవచ్చు, కానీ రెండింటినీ అతికిస్తే ఆ పోస్టులో లేని ట్యాగును మనం పుట్టించినట్టవుతుంది. `#Tirumala_Rooms#Offer` దగ్గర దీనికి తలకిందులుగా జరుగుతుంది. మధ్యలో ఖాళీ లేదు, బొమ్మలో ఆ వరుసంతా నల్లగానే ఉంది, అంటే యాప్ దాన్ని ట్యాగుగా లెక్కించలేదు. చక్కగా కనిపించాలని మధ్యలో ఖాళీ పెడితే, పని చేయని రాతను రెండు పని చేసే ట్యాగులుగా మార్చినవాళ్లమవుతాం. నలుపు తెలుపు ప్రింటులో రంగు పోతుంది కనుక, ఏవి నీలంగా ఉన్నాయో గమనికలో విడిగా రాస్తాను.

`#ఆన్‌లైన్_రూమ్స్` ఇంకా సూక్ష్మమైనది. బొమ్మలో న్ అక్షరం పొల్లుతో నిలబడి, దాని పక్కన లై విడిగా ఉంది. కీబోర్డు మీద న, పొల్లు, ల, ఐత్వం వరుసగా కొడితే ఆ రూపం రాదు. న కింద లకారపు ఒత్తు చేరి `ఆన్లైన్` అవుతుంది. బొమ్మలోని రూపం రావాలంటే పొల్లుకూ ల అక్షరానికీ మధ్య కంటికి కనిపించని ఒక గుర్తు పడాలి. యూనికోడ్‌లో దాని సంఖ్య `U+200C`. తన తర్వాతి హల్లు ముందుదాని కింద ఒత్తుగా చేరకుండా ఆపడమే దాని పని. వర్డ్‌లో `200C` అని కొట్టి వెంటనే `Alt+X` నొక్కితే అది పడుతుంది. కంప్యూటరుకు `ఆన్‌లైన్`, `ఆన్లైన్` రెండు వేర్వేరు అక్షర వరుసలు కాబట్టి, వెతికేటప్పుడు ఒకటి కొడితే ఇంకొకటి దొరక్కపోవచ్చు.

ఇదే గుర్తు మాట చివర పొల్లు తర్వాత కూడా ఉండవచ్చు. `రూమ్స్` చివర అది ఉన్నా లేకపోయినా బొమ్మలో రూపం మారదు. అంటే మాట మధ్యలో ఉన్నదాన్ని రూపాన్ని బట్టి తేల్చగలం, చివర ఉన్నదాన్ని బొమ్మను బట్టి ఎవరూ తేల్చలేరు. కనిపించనిదాన్ని ఊహించి చేర్చకుండా వదిలేయడమే పద్ధతి. స్క్రీన్‌షాట్ నుంచి చేసే ఎత్తిరాతకు ఇదొక గట్టి హద్దు.

మా వృత్తిలోవాళ్లకు ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. డీటీపీలో చాలాకాలంగా వాడుతున్న అను ఫాంట్లు యూనికోడ్ ఫాంట్లు కావు. వాటిలో తెలుగు రూపాలన్నీ ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. కాగితం మీద అందంగానే ఉంటుంది కానీ, ఆ ఫైలును ఇంకొకరు తెరిచి ఫాంటు మార్చగానే ట్యాగంతా అర్థంలేని గుర్తులవుతుంది. ఫిర్యాదుదారు పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి ఆన్‌లైన్ ఫారంలో అతికించేది ఆ ఫైలునే కదా! అందువల్ల ఈ పనికి గౌతమి, నిర్మల వంటి యూనికోడ్ ఫాంట్లే వాడాలి. టైపు చేసేది కూడా వర్డ్‌లో కాకుండా నోట్‌ప్యాడ్‌లో అయితే మేలు. వర్డ్ తనంతట తాను వరుస మొదట్లోని చిన్న అక్షరాన్ని పెద్దది చేస్తుంది, నిటారు కొటేషన్లను వంపు తిప్పుతుంది, లింకు కనిపిస్తే నీలం చేసి కింద గీత గీస్తుంది. ఆ గీత కింద అండర్‌స్కోర్లు దాక్కుంటాయి. నోట్‌ప్యాడ్‌లో కన్‌సోలస్ ఫాంటు పెట్టుకుంటే ఇంకో లాభం కూడా ఉంది. అందులో సున్నా మీద ఏటవాలు గీత ఉంటుంది కాబట్టి, మనం కొట్టింది సున్నానో ఓ అక్షరమో వెంటనే కనబడుతుంది.

మెన్షను వరుసలో ఒకే ఒక్క సంగతి. `@Yatra_Udaharanaని` అని తెలుగు విభక్తి ఖాళీ లేకుండా అంటుకుని ఉంది. నీలం రంగు చివరి ఇంగ్లీషు అక్షరం దగ్గర ఆగింది, ని నల్లగా ఉంది. చూపులకు బాగుండాలని మధ్యలో ఖాళీ పెట్టకూడదు. ఖాతా పేరు ఎక్కడ ముగిసిందో గమనికలో రాయాలి. ఫేస్‌బుక్ బొమ్మల్లో అయితే మెన్షనుకు `@` గుర్తే కనబడకపోవచ్చు, పేరు మాత్రమే లావుగానో నీలంగానో ఉంటుంది. అక్కడ మనం `@` చేర్చకూడదు.

ఇక లింకు. ఆ వరుసను మా షాపులో పనిచేసే కుర్రవాడు టైపు చేశాడు. చేసి, "అన్నా, ఇది మన దేవస్థానం సైటే కదా, మోసం ఎట్లయితాది?" అని అడిగాడు. అతను కొట్టింది `ttdevasthanams`. తిరుపతిలో టైపు చేసే ప్రతి చేతికీ ఆ మాట కంఠతా వచ్చు, టీటీడీ అధికారిక చిరునామా `ttdevasthanams.ap.gov.in` రోజుకు ఎన్నోసార్లు కొడతాం. బొమ్మను పెంచి చూపించాను. అక్కడున్నది m కాదు, పక్కపక్కనున్న `r`, `n`. ఖాతా పేరులోని `rms`లో అసలైన m ఉంది. దానిలో రెండు వంపులూ ఒకే వెడల్పుతో, మధ్య గీతకు అతుక్కుని ఉన్నాయి. లింకులో మొదటి వంపు కిందికి దిగకుండా గాలిలో ఆగిపోయింది, దాని తర్వాత వెంట్రుకవాసి సందుంది. మోసమంతా ఆ సందులోనే ఉంది. కుర్రవాడి ఎత్తిరాత అలాగే ఫిర్యాదులోకి వెళ్లి ఉంటే, అందులో దేవస్థానం పేరే ఉండేది, మోసగాడి చిరునామా ఎక్కడా ఉండేది కాదు. చేతికి అలవాటైన మాటల దగ్గరే ఎక్కువ జాగ్రత్త పడాలని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

లింకు చివరనున్న `…` గుర్తు పోస్టు రాసినవాడు పెట్టింది కాదు. పొడవైన లింకును యాప్ తెర మీద కత్తిరించి, అక్కడ ఆ గుర్తు వేస్తుంది. అసలు లింకులో ఆ తర్వాత ఇంకెన్ని అక్షరాలున్నాయో బొమ్మ చెప్పదు. అందువల్ల ఆ గుర్తును అలాగే ఉంచాలి. తీసేస్తే లింకు అక్కడితో పూర్తయినట్టవుతుంది, పూరిస్తే కల్పించినట్టవుతుంది. ముందు `https://` కూడా చేర్చకూడదు, ఎందుకంటే యాప్ చూపించలేదు. లింకు రెండు వరుసల్లోకి విరిగితే, వరుస చివర ఖాళీ గానీ కొత్త హైఫన్ గానీ పెట్టకూడదు. సాధారణంగా యాప్‌లు లింకును విరిచేటప్పుడు హైఫన్ చేర్చవు కాబట్టి, `bk-` లోని హైఫన్ వరుస చివర కనబడినా అది లింకుదే.

`/rooms/` తర్వాత ఎనిమిది గుర్తులున్నాయి. మొదటి నాలుగు, చివరి రెండు ఖాయం. ఐదోది, ఆరోది రెండూ నిలువు గీతలే. చాలా ఫాంట్లలో చిన్న ఎల్ అక్షరం పెద్ద ఐ కంటే కాస్త ఎత్తుగా ఉంటుంది. ఆరోది అదే వరుసలోని `k` ఎత్తుకు సమానంగా ఉంది, కాబట్టి అది చిన్న ఎల్. ఐదోది ఒక్క పిక్సెల్ పొట్టిగా ఉన్నట్టుంది, పెద్ద ఐ అనుకోవచ్చు. కానీ ఒక్క పిక్సెల్ తేడా మీద ఒట్టు పెట్టలేను. సైటు పేరులో పెద్ద, చిన్న అక్షరాల తేడా ఉండదు కానీ, `/` గీత తర్వాతి దారిలో ఆ తేడా లెక్కకు రావచ్చు, ఇక ఐకీ ఎల్‌కీ ఉన్న తేడా ఎక్కడైనా లెక్కే.

ఇలాంటి అనుమానాన్ని ఎక్కడ రాయాలన్నది కూడా ఆలోచించదగ్గ విషయం. మామూలు రాతల్లో అనుమానమున్న అక్షరం పక్కన ప్రశ్నార్థకం పెట్టడం అలవాటు. లింకులో అలా పెట్టకూడదు. లింకు భాషలో `?` కు సొంత అర్థముంది, దాని తర్వాత వచ్చేదాన్ని సైటుకు పంపే వివరంగా బ్రౌజరు తీసుకుంటుంది. బ్రాకెట్లు కూడా చిరునామాను మారుస్తాయి. అందుకే లింకు వరుసలో నా వంతుగా ఒక్క గుర్తూ చేర్చకుండా, దిగువన గమనికలో ఇలా రాశాను:

```
గమనిక: 7వ వరుస, /rooms/ తర్వాత 5వ గుర్తు
పెద్ద I కావచ్చు, చిన్న l కావచ్చు.
వరుస చివరి … యాప్ కత్తిరింపు; మిగతా లింకు బొమ్మలో లేదు.
```

ప్రూఫు చూడడానికి ఇద్దరం కూర్చున్నాం. ఒకరు కాగితం మీదిది అక్షరం అక్షరంగా, పెద్దది చిన్నది చెబుతూ చదివితే ఇంకొకరు బొమ్మ మీద వేలు పెట్టి చూశారు. ఖాతా పేర్లను, లింకును మాత్రం చివరి నుంచి మొదటికి చదివించాను. వెనక నుంచి చదివేటప్పుడు మాట మనసులో రూపం కట్టదు, కన్ను ఉన్న అక్షరాన్నే చూస్తుంది. కుర్రవాడికి `s`, `n`, `r` అని వరుసగా పలికినప్పుడే ఆ m లేదన్న సంగతి నిజంగా మనసుకెక్కింది.

ఆ కాగితం ఇచ్చేటప్పుడు, అది బొమ్మకు బదులు కాదని కూడా వారికి చెప్పాను. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఇచ్చే ధ్రువపత్రంలో ఎలక్ట్రానిక్ ఫైలు హ్యాష్ విలువ రాయాల్సి ఉంటుంది. ఈ హ్యాష్‌కూ హ్యాష్‌ట్యాగుకూ సంబంధం లేదు. ఫైలులో ఒక్క చుక్క మారినా మారిపోయే సంఖ్య అది. కాబట్టి వాట్సాప్ కుదించిన నకలు కాకుండా, ఫోనులోని అసలు ఫైలునే కదపకుండా ఉంచుకోవాలి, కత్తిరించకూడదు, మీద ఎర్ర గీతలు గీయకూడదు. పోస్టు ఇంకా ఉండి ఉంటే పోస్టు లింకును కాపీ చేసి విడిగా రాసేవాళ్లం. ఎక్స్‌లో అయితే ఆ లింకు చివరనుండే పొడవైన సంఖ్య ఆ ఒక్క పోస్టుకే చెందుతుంది. వీరి విషయంలో ఆ అవకాశం అప్పటికే పోయింది.

వారు ముందే 1930కి ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించుకున్నారు. నా దగ్గర చేయించుకున్న కాగితాన్ని, `cybercrime.gov.in`లో అతికించడానికి యూనికోడ్ ఫైలును, అసలు స్క్రీన్‌షాట్‌ను పెన్‌డ్రైవ్‌లో తీసుకుని పలమనేరు బస్సెక్కారు. ఐదో గుర్తు సంగతి గమనికలో అలాగే, తేలకుండానే ఉంది.